లావయ్యానని రోజూ దెప్పుతుంటే కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: పెళ్లయ్యాక బాగా బరువు పెరిగాను. మాతోనే ఉండే అత్తగారు రోజూ భోజనాల దగ్గర అందరి ముందూ వెక్కిరిస్తారు. ‘ఇలాగే ఉంటే మావాడు విడాకులిస్తాడు’ అంటారు. మా ఆయన మేనత్త వేరే ఊళ్లో ఉంటూనే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నా ఫోటో పెట్టి నవ్వుతారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. నాకు చట్టం ఏమైనా సాయం చేస్తుందా?

జవాబు: ముందు విడాకుల భయం వదిలేయండి. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో విడాకులకు చెప్పిన కారణాల్లో భార్య బరువు పెరగడం లేదు. మీరు ఒప్పుకోకుండా ఆ ఒక్క కారణంతో ఏ కోర్టూ విడాకులివ్వదు.

ఇక అత్తగారి సంగతి. 2005 నాటి గృహహింస చట్టం కొట్టడాన్నే హింస అనలేదు. అవమానించడం, వెక్కిరించడం, పేర్లు పెట్టి పిలవడం కూడా మాటల ద్వారా, మానసికంగా పెట్టే హింసేనని 3వ సెక్షన్‌లో రాసి ఉంది. ఎప్పుడో అన్న ఒక మాట కోర్టులో నిలబడడం కష్టం. మీ ఇంట్లోలాగా రోజూ, నలుగురి ముందూ జరిగితే అది వేరే విషయం. అత్తగారి మీద కూడా ఈ చట్టం కింద వెళ్లవచ్చని 2016లో సుప్రీంకోర్టు తీర్పుతో స్పష్టమైంది.

మేనత్త మీద మాత్రం ఇది పనిచేయడం కష్టం. మీతో ఒకే ఇంట్లో ఉంటున్న, లేదా ఎప్పుడైనా ఉన్న బంధువులకే ఈ చట్టం వర్తిస్తుంది. ఆవిడ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచి, ఫోటో తీసేయమని గ్రూపులోనే మర్యాదగా రాయండి. దావా దాకా వెళ్లమని నేను చెప్పను.

చాలామంది నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి 498ఏ అంటారు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వచ్చాయి. కట్నం వేధింపులు లేనప్పుడు అక్కడ మీ ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన హాని కలిగించేంత క్రూరత్వం చూపించాలి. కాపురం నిలబెట్టుకోవాలనుకునే మీకు ఆ దారి ఇప్పుడే అవసరం లేదు.

జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు. మీరు చెప్పింది రాసుకుని మేజిస్ట్రేట్‌కి రిపోర్టు పంపుతారు. 12వ సెక్షన్ కింద పిటిషన్ వేసి, ఆ మాటలు ఆపాలని రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. ఇది శిక్ష వేయమని కాదు, ఆపమని అడగడం. ఉత్తర్వు వచ్చాక కూడా ఆపకపోతే అప్పుడది నేరమవుతుంది: ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పిటిషన్ వేశారని మిమ్మల్ని ఇంట్లోంచి పంపేయడానికి వీల్లేదు, 17వ సెక్షన్ మీకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది.

ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది ‘ఎప్పుడూ తిడతారు’ అని మాత్రమే రాయడం వల్ల. ఈరోజు నుంచే ఒక నోటుపుస్తకంలో తేదీ, అన్న మాట యథాతథంగా, అప్పుడు అక్కడ ఎవరున్నారో రాయండి. డాక్టర్‌కి చూపించుకుని ఉంటే ఆ చీటీలు దాచండి. కొన్ని రోజులు రాశాక ఆ పుస్తకం మీ ఆయన చేతికిచ్చి చదవమనండి. ఆయన తల్లితో మాట్లాడి ఆపించగలిగితే సరే. లేకపోతే అదే పుస్తకంతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు అక్కడ లాయర్‌ని ఉచితంగా ఇస్తారు.