చలికి ముడుచుకున్న డీజిల్ ఎంత, దారిలో పోయింది ఎంత?

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీ. ట్రాన్స్‌పోర్టు వాళ్ళ ద్వారా 12,000 లీటర్ల డీజిల్ ట్యాంకర్ తెప్పించాం. మధ్యాహ్నం లోడింగ్ అప్పుడు 38 డిగ్రీలు, పొద్దున్నే మా దగ్గర 30 డిగ్రీలు. ఇన్‌వాయిస్‌లో 15 డిగ్రీల దగ్గర డెన్సిటీ 830. డిప్ వేస్తే 11,860 వచ్చింది. డ్రైవరేమో "రాత్రి చలికి ముడుచుకుంది సార్" అంటున్నాడు. ఈ 140 లీటర్లు ఎవర్ని అడగాలి?
– ఒక పాఠకుడు

జవాబు: డ్రైవర్ చెప్పింది సగానికి పైగా నిజమే. మిగతా సగం విషయంలో మాత్రం మీరు ఊరుకోవద్దు.

వేడి మారితే డీజిల్ బరువు మారదు, లీటర్లే మారతాయి. అందుకే రెండు చోట్ల లీటర్లనూ ముందు 15 డిగ్రీలకు తెచ్చి, అప్పుడు పోల్చాలి. ఏఎస్‌టీఎం 54బి టేబుల్ ఉన్నది ఇందుకే. 830 డెన్సిటీ డీజిల్‌కు 38 డిగ్రీల దగ్గర గుణకం సుమారు 0.9802. అంటే డిపోలో ఎక్కిన 12,000 లీటర్లు 15 డిగ్రీల లెక్కన 11,762. దాన్ని 30 డిగ్రీల గుణకం 0.9871తో భాగిస్తే 11,916 వస్తుంది. ఏమీ పోకుండా వచ్చి ఉంటే మీ డిప్‌లో కనపడాల్సింది ఇది. కాబట్టి 84 లీటర్లు చలి లెక్క. మిగిలిన 56 లీటర్లకు చలితో సంబంధం లేదు.

ఇక 84 లీటర్ల నష్టం ఎవరిదో మీ కొనుగోలు ఒప్పందంలోని మాటను బట్టే తేలుతుంది. ఇన్‌వాయిస్ లీటర్లు లోడింగ్ వేడి దగ్గరివై, సరుకు డిపోలోనే మీది అయిపోయేలా రాసుకుంటే ఆ తరుగు మీదే. "సైటులో డిప్ ప్రకారం చెల్లింపు" అని ఉంటే సరుకుల విక్రయ చట్టం 1930, సెక్షన్ 37 కింద వచ్చిన 11,860కే డబ్బు కట్టొచ్చు. ఈ సెక్షన్‌లోనే వ్యాపార ఆచారానికి చోటుంది కాబట్టి, అవతలివాళ్ళు "వేడి తరుగు మామూలే" అని వాదిస్తారు. ఆ వాదన 84 వరకే వెళ్తుంది, 56ని కప్పలేదు.

56 లీటర్లకు మీరు పట్టుకోవాల్సింది ట్రాన్స్‌పోర్టు వాళ్ళనే. రోడ్డు రవాణా చట్టం 2007, సెక్షన్ 16 ప్రకారం దావాకు ముందు వాళ్ళకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అదీ సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపే. డెలివరీ రోజు నుంచి లెక్కపెట్టి గడువు పోగొట్టుకునేవాళ్ళున్నారు, జాగ్రత్త.

కేసు నిలవాలంటే గొట్టం తగిలించకముందే రాసిన కాగితం కావాలి. ఒకసారి డీజిల్ మీ ట్యాంకులో కలిసిపోతే ఇక రుజువు లేనట్టే. లారీని సమతలం మీద ఆపి, సీళ్ళు చూసి, డీజిల్ కదలడం ఆగాక ప్రతి గదిలో డిప్ వేయండి. డిప్ రాడ్ ఆ లారీదేనా, కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌కు గడువుందా అని చూడండి. అర సెంటీమీటరు తప్పు చదివితే ఒక గదిలోనే పది లీటర్లకు పైగా మారొచ్చు. అవతలి లాయరు ముందు తగులుకునేది ఇక్కడే. థర్మామీటర్‌ను డీజిల్ మధ్యలోకి దించి కొన్ని నిమిషాలు ఉంచాలి. పైన మూత దగ్గర చూసింది లెక్కలోకి రాదు. ఇవన్నీ చలాన్ మీద రాసి డ్రైవర్ చేత సంతకం పెట్టించండి. "12,000 పూర్తిగా ముట్టింది" అని మీరు సంతకం పెట్టి ఉంటే మాత్రం కేసు చాలా కష్టమవుతుంది.

డెన్సిటీ సరిపోయింది కదా, దొంగతనం లేదు అని కొందరు అనుకుంటారు. డెన్సిటీ కల్తీని పట్టిస్తుంది, అంతే. మంచి డీజిలే యాభై లీటర్లు తీసేస్తే డెన్సిటీ ఏమీ మారదు.

అసలు నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది తరుగు కనపడని లోడు. కావలి వైపు ఒక క్లయింటు, "డిప్ కరెక్టుగా 12,000 వచ్చింది, హాయిగా దింపుకున్నా" అన్నారు. అది తెల్లవారుజామున 29 డిగ్రీల దగ్గర ఎక్కి, ఎండలో 37 డిగ్రీల దగ్గర దిగిన డీజిల్. డిప్‌లో దాదాపు 12,080 కనపడాలి. ఎండ పెంచిన ఎనభై లీటర్లు ఎవరో తీసుకుపోయారు, ఆయనకు తెలియనే లేదు.

56 లీటర్లంటే అయిదారు వేల రూపాయలు. ఒక్క లోడుకు కోర్టుకెక్కితే ఖర్చే ఎక్కువ. నోటీసు పంపి, ఒప్పుకుంటే కిరాయిలో సర్దుకోండి. తర్వాత ప్రతి లోడుకూ 15 డిగ్రీల లెక్క ఒక పుస్తకంలో రాయండి. కొలత తప్పులైతే ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ వస్తాయి. లోడు తర్వాత లోడు మైనస్సే వస్తుంటే, ఆ పుస్తకం, చలాన్లు తీసుకుని అప్పుడు రండి.