ఇంటర్వ్యూలో ఫుల్ యాడర్ గీశాను, వేగం లెక్క చెప్పలేకపోయాను

"సార్, మాది పర్లాకిమిడి. ఈసీఈ ఫైనలియర్. చిప్ డిజైన్ ఇంటర్వ్యూలో ఫుల్ యాడర్ గీయమంటే గీశాను. రిపుల్ క్యారీ కంటే క్యారీ లుక్-అహెడ్ ఎంత వేగం అని అడిగితే 'చాలా వేగం' అన్నాను. అక్కడితో ఆపేశారు. ఏం చెప్పాల్సింది?"

అంకె చెప్పాల్సింది. మీరు గీసిన ఐదు గేట్లలోనే ఆ అంకె ఉంది. రెండు ఎక్సార్‌లు, రెండు ఆండ్‌లు, ఒక ఆర్. ప్రతి గేటుకూ ఒక యూనిట్ ఆలస్యం అనుకుందాం.

```
xor #1 (p, a, b);
and #1 (g, a, b);
and #1 (t, p, cin);
or  #1 (cout, g, t);
xor #1 (s, p, cin);
```

`p`, `g` రెండూ 1వ యూనిట్‌కే సిద్ధం. వాటికి పక్క బిట్ అక్కర్లేదు. ఆగేదల్లా ముందు బిట్ నుంచి వచ్చే క్యారీ `cin` కోసమే. అది వచ్చాక ఆండ్, ఆర్ దాటి బయటికి రావడానికి బిట్‌కు 2 యూనిట్లు పడుతుంది. అందుకే 4 బిట్ల రిపుల్‌లో క్యారీలు 3, 5, 7, 9 యూనిట్లకు వస్తాయి. 16 బిట్లయితే చివరి క్యారీ 33కి వస్తుంది.

లుక్-అహెడ్‌లో ఏ బిట్టూ పక్క బిట్ క్యారీ కోసం ఎదురుచూడదు. `C2 = G1 + P1·G0 + P1·P0·C0` అని నేరుగా మొదటి క్యారీ దాకా విడదీసి రాస్తాం. 1కి `p`, `g`, 2కి ఆండ్‌లు, 3కి ఆర్. నాలుగు క్యారీలూ 3కే వచ్చేస్తాయి, మొత్తాలు 4కి. అంటే చివరి క్యారీకి 9 బదులు 3.

"మరి 16 బిట్లకూ ఇలాగే రాస్తారా?" అన్నది తర్వాతి ప్రశ్న. రాయం. `C4`కే ఐదు ఇన్‌పుట్ల ఆండ్, ఐదు ఇన్‌పుట్ల ఆర్ కావాలి. ఇన్‌పుట్లు పెరిగితే గేటే నెమ్మదిస్తుంది, ఒక్కో గేటుకు ఒకే యూనిట్ అన్న మన లెక్క చెల్లదు. అందుకే నాలుగేసి బిట్ల బ్లాకులు కట్టి కలుపుతాం. బ్లాక్ నుంచి బ్లాక్‌కు క్యారీ 3, 5, 7, 9 యూనిట్లకు అందుతుంది, చివరి మొత్తం 10కి వస్తుంది. 33తో పోల్చి ఈ అంకెలు చెప్పండి.

ఇంట్లో సిమ్యులేటర్‌లో 4 బిట్ల రిపుల్‌ను చూసేటప్పుడు చాలామంది `1111 + 0001` ఇస్తారు. అన్నీ సున్నాల నుంచి మొదలుపెడితే చివరి క్యారీ 8కే వస్తుంది, లెక్క తప్పిందని టెన్షన్ పడతారు. అక్కడ మొదటి బిట్ క్యారీని తానే పుట్టిస్తోంది కాబట్టి ఒక యూనిట్ తగ్గింది. `1111`, `0000`, `cin = 1` ఒకేసారి ఇవ్వండి, 9 కనిపిస్తుంది. `#1` రాయకపోతే మాత్రం రెండు యాడర్లూ ఒకేలా కనిపిస్తాయి.

ఎఫ్‌పీజీఏ ఉద్యోగమైతే ఒక మాట కలపండి. అందులో క్యారీ కోసం ప్రత్యేకమైన వేగపు దారి ముందే ఉంటుంది. అక్కడ చేత్తో రాసిన లుక్-అహెడ్ కంటే మామూలు `+` గుర్తే చాలాసార్లు మెరుగు.