గ్రాఫు నిలువునా పడితే నష్టం వచ్చినట్టేనా?

ప్రశ్న: సార్, కౌలు డబ్బులు మూడు లక్షల అరవై వేలు పదకొండు నెలల కిందట ఈక్విటీ ఫండులో పెట్టాను. బ్యాంకులో వాళ్ళే పెట్టించారు. నిన్నటిదాకా బాగానే ఉంది. ఈ రోజు యాప్ తెరిస్తే గ్రాఫు నిట్టనిలువునా పడిపోయి అంతా ఎర్రగా కనిపిస్తోంది. స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. ఉన్నకాడికి తీసేసుకోమంటారా? – ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: తీయకండి. మీ స్క్రీన్‌షాట్‌లో కంగారు పెట్టేది మధ్యలో ఉన్న ఎర్రగీత. అసలు సంగతి మాత్రం పైన చిన్న అక్షరాల్లో ఉన్న ఫండు పేరు చివర ఉంది: Regular Plan - IDCW Payout. IDCW అంటే Income Distribution cum Capital Withdrawal. మనం ఇదివరకు డివిడెండ్ ఆప్షన్ అనేదానికే 2021 ఏప్రిల్ నుంచి సెబీ ఈ పేరు పెట్టించింది. ఆదాయంతో పాటు మీ పెట్టుబడిలో కొంత కూడా తీసి మీ చేతికిస్తారని ఆ పేరులోనే చెప్పించింది. డివిడెండ్ అంటే పైన వచ్చే లాభమని జనం అనుకుంటున్నారనే ఆ మార్పు తెచ్చారు. యాప్‌లో అది నాలుగు అక్షరాలకు కుదించుకుపోయింది కాబట్టి ఎవరూ చదవడం లేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు గ్రాఫు చూడండి. గీత ముందు రోజు 38.40 దగ్గర ఉంది, మర్నాడు 35.32 దగ్గర ఉంది. తేడా మూడు రూపాయల ఎనిమిది పైసలు, అంటే 8 శాతం. మరి అంత లోయలా ఎందుకు కనిపిస్తోంది? ఎడమ పక్క అంకెలు గమనించండి. అడుగున సున్నా లేదు, 34 ఉంది. పైన 39. మొత్తం బొమ్మ ఎత్తంతా కలిపి అయిదు రూపాయలే. అందుకే 8 శాతం తగ్గుదల బొమ్మలో సగానికి పైగా మింగేసింది. ఏ యాప్ గ్రాఫు చూసినా గీత కంటే ముందు ఆ పక్క అంకెలు చదవండి.

గీత ఆకారం కూడా ఒక సంగతి చెబుతుంది. మార్కెట్ పడినప్పుడు గీత మామూలుగా రంపపు పళ్ళలా దిగుతుంది, రోజుకి కొంత, మధ్యలో కాస్త లేస్తూ. మీ దాంట్లో ఒక్క మెట్టు దిగింది, అంతే. డివిడెండ్ ఇచ్చినప్పుడు గీత ఇలాగే ఉంటుంది. ఫండు యూనిట్‌కి 3 రూపాయలు పక్కకు తీసి మీకు పంపింది, కాబట్టి యూనిట్ విలువ ఆ 3 రూపాయలు తగ్గింది. మిగిలిన 8 పైసలే ఆ రోజు మార్కెట్ తగ్గుదల.

మీ లెక్కే వేద్దాం. స్క్రీన్‌షాట్‌లో మీ యూనిట్లు 9,999.500 అని ఉన్నాయి. 36 రూపాయల చొప్పున కొంటే సరిగ్గా పదివేలు రావాలి కదా అనిపిస్తుంది. కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ 18 రూపాయలు పోయింది, ఆ అర యూనిట్ అదే. ఇప్పటి విలువ 3,53,182 అని చూపి, పెట్టిన 3,60,000లోంచి తీసేసి, మైనస్ 1.89 శాతం అని ఎర్రగా రాసింది. అయితే మీకు పంపిన డివిడెండ్ 29,998 రూపాయలు ఆ లెక్కలో లేవు. అవి కలిపితే మొత్తం 3,83,180. పెట్టిన దాని మీద 23,180 లాభం, అంటే దాదాపు 6.4 శాతం. ముందు రోజుతో పోలిస్తే మీకు నిజంగా తగ్గింది 800 రూపాయలు. కొబ్బరి దింపు తీయించాక చెట్టు మీద కాయలు తగ్గాయని ఎవరైనా బెంగ పెట్టుకుంటారా? అయితే చెట్టు మళ్ళీ కాస్తుంది. ఫండులోంచి తీసిన 3 రూపాయలు మాత్రం అలా వాటంతట అవి తిరిగి రావు.

డబ్బు ఖాతాలో పడలేదే అంటారేమో. గ్రాఫు ముందు పడుతుంది, డబ్బు తర్వాత వస్తుంది. ఏ రోజు యూనిట్లున్న వాళ్ళకి డివిడెండ్ ఇస్తారో ఆ రికార్డు తేదీ నుంచి ఏడు పని దినాల్లోగా ఫండు పంపాలి. ఈ మధ్యలో యాప్ తెరిచిన వాళ్ళకే మీలాంటి టెన్షన్ వస్తుంది. మీకు పూర్తిగా 29,998 రావు. ఒక ఫండు ఏడాదిలో ఇచ్చే డివిడెండ్ 10,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. ఆ మూడు వేలు పోగా 26,998 రూపాయల చిల్లర పాస్‌బుక్‌లో పడాలి. డివిడెండ్ మీ ఆదాయంలో కలుస్తుంది. మీకు పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి ఆ మూడు వేలు వెనక్కి తెచ్చుకోండి.

నా మాట మీదే ఆగకండి, మీరే సరి చూసుకోవచ్చు. అదే ఫండు పేరుతో Growth అని ఉన్న దాని గ్రాఫు యాప్‌లో తెరిచి, అదే తేదీ మీద వేలు పెట్టండి. గ్రోత్‌లో డివిడెండ్ ఇవ్వరు, లాభం ఫండులోనే ఉంటుంది. అక్కడ గీత పావు శాతం లోపు కదిలి ఉంటే మీది డివిడెండే. అక్కడా అదే మెట్టు కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి. బాండ్లలో పెట్టే డెట్ ఫండ్లలో అలా జరిగిన రోజులున్నాయి. 2019 జూన్‌లో ఇళ్ళ అప్పులిచ్చే డీహెచ్ఎఫ్ఎల్ సంస్థ తన బాండ్ల వడ్డీ సమయానికి కట్టలేకపోయినప్పుడు, ఆ బాండ్లున్న కొన్ని ఫండ్ల విలువ ఒక్క రోజులోనే జారింది. ఆ మెట్టు గ్రోత్ ఆప్షన్‌లోనూ ఉంది, ఎవరి ఖాతాలోనూ డబ్బు పడలేదు. మీది ఆ కేసు కాదు.

ఇప్పుడే తీసేస్తే ఏమవుతుందో కూడా చూడండి. చాలా ఈక్విటీ ఫండ్లు ఏడాదిలోపు తీస్తే 1 శాతం ఎగ్జిట్ లోడు వేస్తాయి. మీకది దాదాపు 3,500. ఎనిమిది వందల తగ్గుదలకి భయపడి మూడున్నర వేలు వదులుకున్నట్టవుతుంది.

ఇక మీకు ఈ ఆప్షన్ అవసరమా? ఏటా కచ్చితంగా ఇంత వస్తుందని బ్యాంకులో చెప్పి ఉంటే అది సరికాదండి. ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నది ఫండు ఇష్టం, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. ఈ డబ్బు మీకు ఏడాది ఖర్చులకు అక్కర్లేకపోతే అదే స్కీములో గ్రోత్‌కి మారండి. మారడాన్ని పన్ను లెక్కలో అమ్మకంగానే చూస్తారు. కానీ మీ యూనిట్ ధర ఇప్పుడు కొన్న ధర కంటే తక్కువే ఉంది కాబట్టి పన్ను పడదు. ఆప్షన్ మార్పుకి కొన్ని ఫండ్లు లోడు వేయవు. బ్యాంకులో కాకుండా ఫండు కస్టమర్ కేర్‌నే అడగండి. వేస్తామంటే ఏడాది నిండేదాకా ఆగి మారండి, నెల రోజులే కదా. మారిన తేదీ నుంచి ఏడాది లెక్క మళ్ళీ మొదలవుతుందని గుర్తుంచుకోండి.

ఇంకొకటి. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఫోలియో నంబరు, పాన్ రెండూ కనిపిస్తున్నాయి. మళ్ళీ ఎవరికి పంపినా ఆ వరుసలు కత్తిరించి పంపండి. ఫండు పేరు, తేదీలు, పక్క అంకెలు ఉంటే మాకు చాలు.