హుక్ ఎక్కడ వేస్తావని అడుగు

చిన్నోడా,

సోమవారం నుంచి ఎత్తు పని మొదలనీ, పొద్దున్నే పనికి ముందు గ్యాంగ్‌కి జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్ నువ్వే చెప్పాలనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా అనిపించింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హెల్మెట్, బూట్లు, గాలివాన వస్తే పని ఆపడం అందరికీ తెలిసినవే, ఒక్క మాటలో చెప్పేయ్. పది నిమిషాలు దాటితే ఎవరూ వినరు. మిగతా సమయమంతా హార్నెస్ తాడు చివరి హుక్ కోసం ఉంచుకో.

ఎందుకంటే, నేను పనిచేసిన ఒక సైట్‌లో సూపర్వైజర్ రోజూ "అందరూ హార్నెస్ వేసుకున్నారా?" అనేవాడు. "వేసుకున్నాం సార్" అని సంతకాలు పెట్టేవాళ్లు. ఆ రోజు పరంజా పలక నేల నుంచి 4 మీటర్ల ఎత్తులో ఉంది. ఒక కుర్రాడు వంగితే చేతికందే, కాళ్ల దగ్గరున్న పైపుకే హుక్ తగిలించాడు. జారాడు. హుక్ ఊడలేదు, తాడు తెగలేదు, అయినా కాలు విరిగింది. తాడు ఆపేలోపే నేల తగిలింది.

లెక్క చూడు. ఆ తాడు, అదే లాన్యార్డ్, 1.8 మీటర్లు. కుట్లు విడిపోతూ దెబ్బను మింగే షాక్ అబ్జార్బర్ ఇంకో 1.1 మీటర్ల దాకా సాగుతుంది (మీ దాని లేబుల్ చూసుకో, అన్నీ ఒకటి కావు). వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5. ఇవి కలిపితేనే 4.4. పైన ఒక మీటరు జాగ్రత్త వేసుకుంటే, హుక్ వేసిన చోటు కింద 5.4 మీటర్ల ఖాళీ ఉండాలి. వాడికి ఉన్నది 4. అదే హుక్ తలపైన, పలక నుంచి 2 మీటర్ల ఎత్తులో గట్టి ఆధారానికి వేసుంటే 6 మీటర్లు దొరికేవి. పడే దూరం కూడా బాగా తగ్గేది.

అందుకే ముందురోజు సాయంత్రమే పైకెక్కి, ఎవరు ఎక్కడ నిలబడతారో, తలపైన హుక్‌కి ఏముందో చూసి రా. ఏమీ లేకపోతే టాక్ చెప్పి లాభం లేదు, ముందు హుక్ తగిలించుకోడానికి లైఫ్‌లైన్ కట్టించు. పొద్దున గ్యాంగ్‌ని ఆ పరంజా దగ్గరే నిలబెట్టు. "హార్నెస్ ఉందా" అనొద్దు. ఒకడిని పిలిచి "నువ్వు హుక్ ఎక్కడ వేస్తావు? చూపించు" అను. మాటకు తలూపి ఊరుకునేవాణ్ణే ముందు పిలువు, వాడికి భాష అర్థం కాకపోయి ఉండొచ్చు. సంతకాలు ఆ తర్వాతే.

ఇంకొకటి, మర్చిపోయావంటే ఊరుకోను. ఎవరైనా వేలాడితే ఎవరు, దేనితో దించాలో పేర్లు పెట్టి చెప్పు. కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అంబులెన్స్ కోసం ఎదురుచూస్తే సరిపోదు.

నువ్వూ పైకెక్కుతావుగా నాన్నా. నీ లాన్యార్డ్ కుట్లు ఈ రాత్రే చూసుకుని నాకు ఫోన్ చెయ్.

మీ పెదనాన్న