టైమ్ స్టాప్ నిజంగా పెట్టుబడిని విడిపిస్తుందా?

పది రోజులైనా కదలని షేరును టైమ్ స్టాప్‌తో అమ్మేస్తే, ఆ డబ్బు మెరుగైన ట్రేడ్‌కు పనికొస్తుందో లేదో ఎలా పరీక్షించాలి?

ఒక్కో ట్రేడ్ సగటు లాభం చూస్తే ఇది తేలదు. 5 లక్షల పెట్టుబడిని ఐదు భాగాలకే పరిమితం చేసి, మొత్తం పోర్ట్‌ఫోలియోను పాత డేటాపై బ్యాక్‌టెస్ట్ చేయాలి. ముందుగా, ఐదు భాగాలూ నిండి ఉన్నందున వదులుకోవలసి వచ్చిన కొనుగోలు సిగ్నళ్లను లెక్కించండి. అవి దాదాపు లేకపోతే, విడిపించిన డబ్బు ఖాళీగానే కూర్చుంటుంది. ఉంటే, అమ్మిన షేరును టైమ్ స్టాప్ లేని పాత నియమం ప్రకారం ఉంచుకుంటే వచ్చే ఫలితాన్ని, దాని స్థానంలో కొన్న షేరు అవే రోజుల్లో ఇచ్చిన ఫలితంతో పోల్చాలి. మొదటిది సగటున 0.8 శాతం, రెండోది 1.2 శాతం అనుకుందాం. డెలివరీలో కొనుగోలుకూ అమ్మకానికీ చెరో 0.1 శాతం ఎస్‌టీటీ పన్ను పోగా మిగిలేది 0.2 శాతమే, దాన్ని అనుకున్న ధరకూ దొరికిన ధరకూ మధ్య తేడా, అంటే స్లిపేజీ, సులువుగా మింగేస్తుంది. ఎనిమిది, పన్నెండు రోజులతోనూ పరీక్షించండి. పది రోజుల గడువుతో మాత్రమే లాభం కనిపిస్తే, ఆ గడువు పాత డేటాకు అతికినదని నా అనుమానం.