వీడియో కాల్‌లో నోరు విప్పని టీమ్ మెంబర్‌తో ఎలా?

ప్రశ్న: మా టీమ్‌లో ఒకబ్బాయి కందుకూరులో ఇంటి నుంచి పనిచేస్తాడు. వీడియో కాల్‌లో మాట్లాడడు, ఇబ్బంది ఉన్నా చెప్పడు. ఏం చేయాలి?

నలుగురిలో “ఏమైనా ఇబ్బందా?” అని అడగడం ముందు మానేయండి. దానికి “ఏం లేదండీ” అనే జవాబే వస్తుంది. వారానికోసారి మీరిద్దరే, కెమెరా లేకుండా ఫోన్లో మాట్లాడుకోండి. “పని ఎక్కడిదాకా వచ్చింది? ఎవరి నుంచి ఏం రావాలి?” అని అడగండి.

ఒంగోలు నుంచి మాతో పనిచేసే అమ్మాయి రొయ్యల ఎగుమతి బిల్లుల రిపోర్టు చేస్తూ రోజూ కాల్‌లో “అవుతోంది సార్” అనేది. ఫోన్లో ఇలా అడిగితే అసలు సంగతి తెలిసింది. డేటాబేస్ పర్మిషన్ రాక సోమవారం నుంచి పని ఆగిపోయింది. సీనియర్‌ని రెండోసారి అడగడానికి మొహమాటపడింది. అలాంటప్పుడు “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?” అన్నామా, ఇక ఎప్పటికీ చెప్పదు. వెంటనే పర్మిషన్ ఇప్పించాను. గంటసేపు పని కదలకపోతే ఏం చేశారు, ఎక్కడ ఆగింది, ఎవరి సాయం కావాలి అని చాట్‌లో రాయమన్నాను. ఈ నియమం టీమ్ అందరికీ పెట్టాలి, లేకపోతే తననే వేలెత్తి చూపినట్టుంటుంది.

కాల్‌లో ఆమె ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది, పర్లేదు. గడువుకు ముందే ఇబ్బంది మీ చెవిన పడుతోందా అన్నదే చూడండి. నెల దాటినా గడువు రోజే తెలుస్తుంటే, పని ఎక్కువైందో, ఆ పని రావడం లేదో విడిగా కనుక్కోండి.