బండి కొనే ముందు ఈ లెక్క చూసుకో తల్లీ

అమ్మా సింధూ,

నీ జీతంతో బండి కొంటున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషంగా ఉంది. కానీ ఎలక్ట్రిక్ అనగానే కాస్త టెన్షన్ పట్టుకుంది.

హెల్మెట్ ఐఎస్ఐ మార్కుదే కొను. లోన్‌కి తొందరపడకు.

ఇక అసలు సంగతి. మీ చిన్న మేనమామ అప్పట్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ బండి తెచ్చాడు. కిలోమీటరుకు పావలా కూడా కాదని వీధంతా చెప్పాడు. మూడో ఏడు వచ్చేసరికి ఫుల్ చార్జ్ అని చూపించేది, ఫ్లైఓవర్ ఎక్కగానే రెండు గీతలు పడిపోయేవి, దిగాక ఒకటి తిరిగొచ్చేది. బ్యాటరీ అలసిపోయిందనడానికి అదే గుర్తు. కొత్త సెట్‌కు పాతికవేలన్నారు. అమ్ముదామంటే ఎవరూ ముట్టలేదు, చివరికి తుక్కు కింద పోయింది. వాడు కరెంటు ఖర్చే లెక్కేశాడు గానీ బ్యాటరీనీ, అమ్మకం ధరనీ వదిలేశాడు. నువ్వలా చేయకు.

నీకు ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్‌కు రానుపోను 30 కిలోమీటర్లు. ఏడాదికి 9 వేల కిలోమీటర్లు, ఆరేళ్లకు 54 వేలు. పెట్రోల్ లీటరు 107 రూపాయలు, మైలేజీ 45 అనుకుంటే కిలోమీటరుకు 2.40. లక్ష బండి ఆరేళ్లకు 40 వేలకు పోతే తరుగు 1.10, సర్వీసింగ్ 45 పైసలు. మొత్తం నాలుగు రూపాయలకు కాస్త తక్కువ.

నువ్వు చూసిన ఎలక్ట్రిక్ బండి లక్షా పాతికవేలు. చార్జింగ్‌లో పోయేదీ కలుపుకుని 90 కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు, యూనిట్ 8 రూపాయలైతే 30 పైసలు. సర్వీసింగ్ 20. ఆరేళ్లకు 20 వేలే వస్తుందనుకున్నా తరుగు 1.95. మొత్తం 2.45. మధ్యలో 55 వేలు పెట్టి బ్యాటరీ మార్చినా 3.50 దాటదు. కాబట్టి నీకు లాభమే తల్లీ. అదే రోజుకు పది కిలోమీటర్లే తిరిగే మీ అక్కకైతే బ్యాటరీ మార్చకపోయినా ఖర్చు సమానమైపోతుంది, మారిస్తే నష్టం.

మీ ఇంట్లో గృహజ్యోతి ఉంది కదా! చార్జింగ్‌కు నెలకు 30 యూనిట్లు ఇట్టే అవుతాయి. వేసవిలో కూలర్‌తో కలిసి 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి, దాటిన యూనిట్లకే కాదు. పాత బిల్లులు తీసి చూడు.

షోరూంలో వారంటీ కాగితం అడుగు. ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, కెపాసిటీ ఎంత శాతం కంటే తగ్గితే మారుస్తారు, బండి అమ్మితే కొన్నవాళ్లకు వారంటీ వర్తిస్తుందా అన్నది రాసి ఉండాలి. నోటిమాట నమ్మకు. వర్తిస్తేనే రేపు నీ బండికి ధర పలుకుతుంది.

అడ్వాన్స్ కట్టే ముందు ఆ కాగితం ఫోటో నాకు పంపు. రాత్రయినా పర్లేదు, చూసి ఫోన్ చేస్తా.

మీ పెదనాన్న